అమ్మోనియాలో ఆ రెండున్నర డిగ్రీలు ఎక్కడికి పోయాయి?

హనుమకొండలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పిల్లలకు రసాయన బంధం పాఠం చెబుతున్నప్పుడు దాదాపు ఏటా ఒకే చోట ఒకే ప్రశ్న వస్తుంది. మొన్న అడిగినమ్మాయి పరకాల వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. "సార్, sp³ అంటే 109 డిగ్రీలని నిన్న చెప్పిన్రు. ఇయ్యాల అమ్మోనియాకు sp³ అని రాసి, కోణం 107 అంటున్నరు. రెండిట్ల ఏది రాయాలె?" అని అడిగింది. పరీక్షలో ఏది రాయాలో చెప్పడం తేలికే. 107 అని రాయమన్నాను. అయితే ఆ పిల్ల అసలు అడిగినది మార్కుల సంగతి కాదు. బోర్డు మీద ఉన్న రెండు మాటలు, ఎలక్ట్రాన్లు ఉండే ఆర్బిటాళ్ల కలయికకు పెట్టిన sp³ అనే పేరూ, బంధాల మధ్య 107 అనే కోణమూ, ఒకదానితో ఒకటి పొసగడం లేదని గమనించి అడిగింది. ఆ గమనింపు సరైనదే కనుక దానికి తగినంత జవాబు ఇవ్వడానికే ఈ వ్యాసం.

మొదట 109.5 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మీథేన్, అంటే CH₄లో కార్బన్ చుట్టూ నాలుగు బంధాలున్నాయి, ఒక్కో బంధంలో ఒక్కో ఎలక్ట్రాన్ జంట ఉంది. ఈ నాలుగు జంటలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి కనుక సాధ్యమైనంత ఎడంగా ఉండాలని చూస్తాయి. నోటుపుస్తకంలో గీసినప్పుడు నాలుగు గీతలు కూడలిలాగా నాలుగు దిక్కులకూ పోతాయి, వాటి మధ్య 90 డిగ్రీలే ఉంటాయి. అది కాగితం చదునుగా ఉండడం వల్ల వచ్చిన ఇరుకే తప్ప అణువుకు ఉన్న ఇరుకు కాదు. సుద్దముక్కల డబ్బా లాంటి ఒక ఘనాన్ని ఊహించుకుని, దాని నడిమధ్యన కార్బన్‌ను పెట్టి, ఎనిమిది మూలల్లో ఒకటి విడిచి ఒకటిగా నాలుగు మూలల్లో హైడ్రోజన్‌లను పెడితే అదే చతుర్ముఖి అవుతుంది. మధ్యబిందువు నుంచి ఒక మూల (1, 1, 1) వద్ద, ఇంకొకటి (1, −1, −1) వద్ద ఉంటే ఆ రెండు గీతల మధ్య కోణానికి cos θ విలువ −1/3 వస్తుంది, దాన్ని విప్పితే θ = 109.5 డిగ్రీలు. పుస్తకాల్లో 109°28′ అని కనిపించేది ఇదే. నాలుగు సమానమైన వస్తువులు ఒక బిందువు చుట్టూ సమదూరంలో సర్దుకుంటే వచ్చే కోణం ఇది. ఈ లెక్కలో ఆర్బిటాళ్ల ప్రసక్తి ఎక్కడా లేదని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత దానితో పని ఉంది.

పై వాక్యంలో అసలు కీలకం "సమానమైన" అనే మాటలో ఉంది. మీథేన్‌లో నాలుగు జంటలూ బంధ జంటలే. అమ్మోనియాకు, అంటే NH₃కి వస్తే, నైట్రోజన్ బాహ్య కర్పరంలోని ఐదు ఎలక్ట్రాన్లకు మూడు హైడ్రోజన్‌ల నుంచి మూడు కలిసి ఎనిమిదవుతాయి, నాలుగు జంటలవుతాయి. అందులో మూడు బంధాల్లో ఉంటాయి, నాలుగవది ఏ హైడ్రోజన్‌తోనూ పంచుకోకుండా నైట్రోజన్ దగ్గరే మిగిలిపోతుంది. దానినే ఒంటరి జంట అంటాం. లెక్కకు అది కూడా ఒక జంటే, కానీ చోటు ఆక్రమించడంలో మిగిలిన మూడింటితో సమానం కాదు.

ఎందుకు కాదో తెలియడానికి వరంగల్ కొత్తవాడకు పోతే సరిపోతుంది. అక్కడ జంపఖానాలు నేసే ఇళ్ల ముందు నూలు చిలపను రెండు కొసలకూ కట్టి బిగలాగి ఉంచితే, పోగులన్నీ దగ్గరికి చేరి చిలప తాడులాగా సన్నబడుతుంది. అదే చిలపను ఒక కొసనే మేకుకు తగిలించి వదిలేస్తే, పోగులు విడివడి, మేకు దగ్గరే గుబురుగా పరుచుకుంటుంది. నూలు అంతే, పోగులూ అవే. తేడా అంతా ఎన్ని చోట్ల పట్టు ఉందన్న దానిలోనే ఉంది. బంధ జంటను రెండు కేంద్రకాలు, ఒక పక్క నైట్రోజన్‌ది, ఇంకో పక్క హైడ్రోజన్‌ది, తమ వైపు లాగుతుంటాయి కనుక ఆ ఎలక్ట్రాన్ మేఘం రెండింటి మధ్యా సాగి, నైట్రోజన్ దగ్గర సన్నగా ఉంటుంది. ఒంటరి జంటకు పట్టు ఒక్క నైట్రోజన్ కేంద్రకమే. అందువల్ల అది ఆ కేంద్రకానికి దగ్గరగా, వెడల్పుగా పరుచుకుంటుంది, పక్కనున్న జంటలకు ఎక్కువ చేరువవుతుంది, వాటిని ఎక్కువగా తోస్తుంది. పోలికకు హద్దు కూడా చెప్పాలి. నూలు పోగులు ఒకదాన్నొకటి తోసుకోవు, ఎలక్ట్రాన్లు తోసుకుంటాయి. పైగా ఆ తోపుడు ఋణావేశాల వికర్షణ ఒక్కటే కాదు. ఒకే దిశలో స్పిన్ ఉన్న రెండు ఎలక్ట్రాన్లు ఒకే చోట ఉండలేవన్న పౌలీ నియమం అందులో పెద్ద పాత్ర వహిస్తుంది. అణువుల ఆకృతికి ఎలక్ట్రాన్ జంటల లెక్కకు సంబంధం ఉందని 1940లో సిడ్జ్‌విక్, పావెల్ చెప్పారు. దానికి ఈ పౌలీ నియమాన్ని, ఒంటరి జంటకు ఎక్కువ చోటు కావాలన్న మాటను చేర్చి 1957లో గిలెస్పీ, నైహోమ్ ఇప్పుడు మనం వికర్షణ సిద్ధాంతంగా చెప్పుకునే రూపానికి తెచ్చారు.

ఇప్పుడు తప్పిపోయిన డిగ్రీల లెక్క చూద్దాం. అమ్మోనియా కోణం మన పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా 107°48′ అని ఉంటుంది, వాయుస్థితిలో చేసిన కొలతలు 107కు కొంచెం తక్కువ చూపుతాయి. ఇక్కడ సౌలభ్యానికి 107 అనుకుందాం. మూడు N–H బంధాలు ఒకే తీరుగా ఉంటాయి కనుక ఒంటరి జంట వాటికి సరిగ్గా ఎదుట, పిరమిడ్ శిఖరం మీదుగా పైకి చూస్తూ ఉండాలి. రెండు బంధాల మధ్య కోణం 107 అయితే, ఆ శిఖరపు దిశకూ ఒక్కో N–H బంధానికీ మధ్య కోణం ఎంత అవుతుందో మామూలు త్రికోణమితితో కట్టవచ్చు. అది దాదాపు 112 డిగ్రీలు వస్తుంది. మీథేన్‌లో ఈ కోణం కూడా 109.5 మాత్రమే. అంటే బంధాల మధ్య కోల్పోయిన రెండున్నర డిగ్రీలు గాలిలో కలవలేదు, ఒంటరి జంటకూ బంధాలకూ మధ్య ఎడం రెండు డిగ్రీలకు పైగా పెరిగి తిరిగి లెక్కకు వచ్చాయి. మూడు బంధాలూ గొడుగు కాస్త మూసినట్టు కిందికి వాలాయి, అంతే. ఆ వాలడం ఎక్కడ ఆగుతుందంటే, బంధ జంటలు దగ్గరకొచ్చే కొద్దీ వాటి మధ్య వికర్షణ పెరిగి ఒంటరి జంట తోపుడుకు సరితూగిన చోట. అందుకే కోణం 90కో 80కో పడిపోకుండా 107 దగ్గర నిలిచింది.

దీన్ని నమ్మమని చెప్పడం కంటే పరీక్షించి చూడడం మేలు, పరీక్ష కూడా చేతికి దగ్గరలోనే ఉంది. అమ్మోనియాకు ఒక ఆమ్లం నుంచి H⁺ అందిస్తే, ఆ ఒంటరి జంటే దాన్ని పట్టుకుంటుంది, NH₄⁺ అయాన్ ఏర్పడుతుంది. నైట్రోజన్ అదే, జంటలు నాలుగే, మారినదల్లా ఒంటరిగా ఉన్న జంటకు రెండో కేంద్రకం పట్టు దొరకడమే. వెంటనే ఆకృతి సంపూర్ణ చతుర్ముఖిగా మారి, అన్ని కోణాలూ 109.5కు తిరిగి వస్తాయి. ఒంటరి జంటే కోణాన్ని నొక్కుతోందన్న మాటకు ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం నాకు తెలియదు. ప్రయోగశాలలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మూత, అమ్మోనియా సీసా మూత పక్కపక్కనే తెరిచినప్పుడు లేచే తెల్లటి పొగలో జరుగుతున్నది ఈ కోణం విప్పారడమేనని చెబితే పిల్లలు ఆ పొగను ఇంకొక మారు చూస్తారు.

నీటి విషయం దీనికి పొడిగింపే. ఆక్సిజన్‌కు ఆరు ఎలక్ట్రాన్లు, రెండు హైడ్రోజన్‌ల నుంచి రెండు కలిసి మళ్లీ నాలుగు జంటలే, కానీ ఈసారి రెండు ఒంటరివి, రెండు బంధాలవి. ఇప్పుడు ఒంటరి జంటలు బంధాలనే కాక ఒకదాన్నొకటి కూడా తోసుకుంటాయి, ఆ తోపుడు అన్నిటికన్నా బలమైనది. రెండూ విడిగా పోవడానికి చోటు చేసుకోవాలంటే బంధాలు ఇంకా దగ్గరకు జరగాలి. నీటి ఆవిరి అణువులు తిరిగేటప్పుడు మైక్రోవేవ్‌లను ఏ పౌనఃపున్యాల వద్ద శోషిస్తాయో కొలిచి, ఆ తిరుగుడు నుంచి అణువు కొలతలను రాబడితే H–O–H కోణం 104.5 డిగ్రీలని, O–H పొడవు సుమారు 96 పికోమీటర్లని తేలుతుంది. ఒంటరి జంట ఒకటి ఉంటే రెండున్నర, రెండు ఉంటే ఐదు తగ్గిందని చూసి, జంటకు రెండున్నర చొప్పున తగ్గుతుందని సూత్రం కట్టే పిల్లలున్నారు. అది ఈ రెండు అణువుల్లో యాదృచ్ఛికంగా కుదిరిన లెక్క మాత్రమే, ఎంత తప్పో తర్వాత చూద్దాం.

ఇక sp³ సంగతి. సంకరీకరణం అనే ఊహను 1931లో లైనస్ పౌలింగ్ ముందుకు తెచ్చారు. కార్బన్‌కు ఒక 2s ఆర్బిటాల్, మూడు 2p ఆర్బిటాళ్లు ఉంటాయి. గుండ్రటి s, ఒకదానికొకటి లంబంగా ఉండే మూడు p ఆర్బిటాళ్లను ఉన్నవి ఉన్నట్టుగా వాడితే మీథేన్‌లోని నాలుగు సమాన బంధాలు వివరణకు అందవు. నాలుగింటినీ తగు పాళ్లలో కలిపి నాలుగు సమాన ఆర్బిటాళ్లుగా పంచుకుంటే, ఒక్కోదానిలో నాలుగో వంతు s, మిగతా p ఉంటాయి, వాటి మధ్య కోణం 109.5 వస్తుంది. ఒక s, మూడు p కలిసినవి కనుక వాటిని sp³ అంటాం. ఈ పంపకం నాలుగు సమాన భాగాలుగానే జరగాలన్న నియమం ఎక్కడా లేదు. అమ్మోనియాను కూడా sp³ అని బోర్డు మీద రాసే మా అలవాటు దాచేది సరిగ్గా ఈ విషయాన్నే, ఆ పిల్లకు పొసగనిది కూడా ఇదే.

రెండు సమాన సంకర ఆర్బిటాళ్ల మధ్య కోణానికీ వాటిలో s పాలుకూ ముడిపెట్టే చిన్న సూత్రం ఒకటుంది. s పాలును s అనే అనుకుంటే, cos θ = s/(s − 1). s సగం అయితే కోణం 180, మూడో వంతు అయితే 120, నాలుగో వంతు అయితే 109.5 అని దీనిలో పెట్టి చూసుకోవచ్చు. నీటికి θ = 104.5 పెట్టండి. cos θ దాదాపు −0.25, దాని నుంచి s = 0.20 వస్తుంది. అంటే ఒక్కో O–H బంధం కోసం ఆక్సిజన్ వాడిన ఆర్బిటాల్‌లో s 25 శాతం కాదు, 20 శాతమే. రెండు బంధాలకు కలిపి 40 శాతం ఖర్చయింది. ఆక్సిజన్ దగ్గర ఉన్న s ఆర్బిటాల్ మొత్తం ఒకటే, అంటే నూరు శాతం. మిగిలిన 60 శాతం రెండు ఒంటరి జంటలకు తలా 30 చొప్పున పోతుంది. అమ్మోనియాకు ఇదే లెక్క వేస్తే బంధానికి సుమారు 22.6 శాతం, మూడింటికి 68, ఒంటరి జంటకు 32 వస్తాయి. ఆ అమ్మాయికి ఇచ్చిన జవాబు సారాంశం ఇదే. "sp³ అన్నది ఉజ్జాయింపు. సరిగ్గా చెప్పాలంటే ఒంటరి జంట తన వాటా కన్నా ఎక్కువ s తీసుకుంది, బంధాలకు p ఎక్కువ మిగిలింది, p ఎక్కువైతే కోణం 90 వైపు జరుగుతుంది."

ఒంటరి జంటకు s మీద ఆ మక్కువ ఎందుకు? 2s ఆర్బిటాల్‌లోని ఎలక్ట్రాన్ కేంద్రకానికి ఎక్కువ చేరువగా పోగలదు కాబట్టి దాని శక్తి 2p కన్నా తక్కువ. కేంద్రకం ఒక్కదాని పట్టులోనే బతికే జంటకు ఆ చేరువే లాభం. బంధ జంటకు ఎలాగూ రెండో కేంద్రకం వైపు సాగాల్సిన పని ఉంది కనుక, ఒక దిక్కుకు చాచుకుని ఉండే p పాలు దానికి పెద్ద నష్టం కాదు. గమనిస్తే ఇది ముందు చెప్పిన వికర్షణ కథనే మరో భాషలో చెబుతోంది. అక్కడ కేంద్రకానికి దగ్గరగా, వెడల్పుగా అన్నాం, ఇక్కడ s పాలు ఎక్కువ అంటున్నాం.

అయితే ఇందులో ఒక ఉచ్చు ఉంది, దానిలో పడని వాళ్లు తక్కువ. పై సూత్రంలోకి కోణాన్ని మనమే పెట్టాం. కొలిచిన కోణం ఇస్తే అది s పాలు ఇచ్చింది. సంకరీకరణం తనంతట తాను 104.5ను ఊహించలేదు. "నీరు sp³ సంకరీకరణం చెందింది కాబట్టి దాని ఆకృతి ఇది" అని జవాబుపత్రాల్లో రాసే వాక్యంలో కారణం, ఫలితం తారుమారవుతాయి. ఎలక్ట్రాన్లు, కేంద్రకాలు తమ తోపుళ్లను, లాగుళ్లను సర్దుకుని అతి తక్కువ శక్తి ఉండే ఆకృతికి చేరతాయి. ఆ ఆకృతికి నప్పే ఆర్బిటాళ్ల భాష సంకరీకరణం. అది జమాఖర్చుల పద్దు లాంటిది, ఖర్చు పెట్టించేది పద్దు కాదు.

పద్దును కారణంగా తీసుకుంటే ఎక్కడ దెబ్బ తింటామో హైడ్రోజన్ సల్ఫైడ్ చూపిస్తుంది. ప్రయోగశాలలో కుళ్లిన గుడ్ల వాసన కొట్టే H₂Sలో సల్ఫర్ ఆక్సిజన్ గ్రూపులోనిదే. దానికీ ఆరు బాహ్య ఎలక్ట్రాన్లు, నాలుగు జంటలు, రెండు ఒంటరివి. "నాలుగు జంటలు కాబట్టి sp³, రెండు ఒంటరివి కాబట్టి 104 చిల్లర" అని రాస్తే తప్పు. కొలిచిన కోణం 92.1 డిగ్రీలు. జంటకు రెండున్నర అన్న సూత్రం కూలేది ఇక్కడే. సూత్రంలో 92.1 పెడితే బంధాల్లో s పాలు మూడున్నర శాతం దగ్గర వస్తుంది, అంటే బంధాలు దాదాపు ఉత్త p ఆర్బిటాళ్లతోనే ఏర్పడ్డాయి, s అంతా ఒంటరి జంటల దగ్గరే ఉండిపోయింది. ఫాస్ఫీన్, PH₃ కూడా అమ్మోనియాలాగా 107 కాక 93.5 దగ్గర ఉంటుంది. కారణం వికర్షణ భాషలోనే దొరుకుతుంది. సల్ఫర్ పెద్దది, S–H బంధం సుమారు 134 పికోమీటర్ల పొడవు. ఆక్సిజన్ తన వైపు గుంజుకున్నంత గట్టిగా సల్ఫర్ బంధ జంటలను గుంజుకోలేదు. బంధ జంటలు మధ్య పరమాణువుకు దూరంగా ఉండిపోతే అవి ఒకదానికొకటి అడ్డు రావడం తగ్గుతుంది, ఒంటరి జంటలు ఎంత నొక్కినా అవి ఇంకా దగ్గరకు జరగగలవు.

ఇదే తర్కాన్ని తిరగేసి వాడితే, విన్న వెంటనే నమ్మబుద్ధి కాని ఒక ఫలితం కూడా అర్థమవుతుంది. NF₃లో ఫ్లోరిన్ హైడ్రోజన్ కన్నా పెద్దది కనుక కోణం పెరగాలని తరగతిలో అందరూ అంటారు. కొలత 102 డిగ్రీలు, అమ్మోనియా కన్నా తక్కువ. ఫ్లోరిన్ ఋణవిద్యుదాత్మకత నైట్రోజన్‌కన్నా ఎక్కువ కనుక బంధ జంటను తన వైపు లాక్కుపోయింది, నైట్రోజన్ దగ్గర ఆ జంటల మధ్య ఒత్తిడి తగ్గింది, కోణం ముడుచుకుంది. చూడాల్సింది పక్క పరమాణువు పరిమాణం ఒక్కటే కాదు, బంధ జంట మధ్య పరమాణువుకు ఎంత దగ్గరగా కూర్చుందన్నది.

వికర్షణ సిద్ధాంతం కూడా కోణం 109.5 కన్నా తగ్గుతుందని చెప్పగలదు తప్ప 104.5 అనో 92.1 అనో అంకె చెప్పలేదు. అంకె కావాలంటే కొలవాలి, లేదా క్వాంటం యాంత్రికశాస్త్రంతో పూర్తి లెక్క కట్టాలి. దిశ చెప్పడమే దాని బలం, అంతవరకు అది సాధారణంగా మోసం చేయదు.

చివరగా, నేను బోర్డు మీద గీసే నీటి బొమ్మ గురించి ఒక మాట ఒప్పుకోవాలి. ఆక్సిజన్ మీద కుందేలు చెవుల్లాగా రెండు సమానమైన ఒంటరి జంటలు గీస్తాను, అందరూ అలాగే గీస్తారు. పైన తలా 30 శాతం అని పంచినది కూడా ఆ బొమ్మను నమ్మే. నీటి ఆవిరిపై తగినంత శక్తి ఉన్న అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి ఎలక్ట్రాన్లను బయటకు లాగి, ఒక్కోదాన్ని లాగడానికి ఎంత శక్తి పట్టిందో కొలిచే పద్ధతి ఉంది. రెండు ఒంటరి జంటలూ నిజంగా ఒకే శక్తి స్థాయిలో ఉంటే ఆ కొలతలో వాటికి ఒకే శక్తి కనబడాలి. కనబడేది రెండు వేర్వేరు శక్తులు, ఒకటి 12.6 ఎలక్ట్రాన్ ఓల్టుల దగ్గర, ఇంకొకటి 14.7 దగ్గర. మొదటిది అణువు తలానికి లంబంగా నిలబడిన ఉత్త p ఆర్బిటాల్‌ది, రెండోది అణువు తలంలోనే, s పాలు కలిసి, హైడ్రోజన్‌లకు ఎదుటి వైపు చూసేది. ఈ రెండింటినీ కలిపి తిరిగి పంచితే చెవుల బొమ్మ వస్తుంది, మొత్తం ఎలక్ట్రాన్ సాంద్రత మారదు, కోణం నొక్కుకుపోవడాన్ని వివరించడానికి ఆ బొమ్మ బాగానే పనిచేస్తుంది. కానీ ఒక్కో ఎలక్ట్రాన్ శక్తి అడిగినప్పుడు అది తప్పు జవాబు ఇస్తుంది. అందుకే ఈ మధ్య ఆ చెవులను నిండు గీతతో కాక చుక్కల గీతతో గీస్తున్నాను. ఎందుకు సార్ అని ఎవరైనా అడిగేదాకా కారణం చెప్పడం లేదు.